మూడు వందల అభినందనలకు జవాబు

ప్రశ్న: నేను కావలి ప్రాంతంలోని ఒక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో గణితం చెబుతాను. ఇరవై రెండేళ్ల సర్వీసు తరువాత గత వారం ప్రధానోపాధ్యాయురాలిగా పదోన్నతి వచ్చింది. ఉదయగిరి వైపు ఒక బడికి వేశారు. ఉత్తర్వు చేతికందిన సాయంత్రమే ఎవరో దాన్ని ఫొటో తీసి గ్రూపుల్లో పెట్టారు. రెండు రోజుల్లో వాట్సాప్‌లో దాదాపు మూడు వందల సందేశాలు వచ్చాయి. పదకొండు గ్రూపుల్లో అభినందనలు విడిగా ఉన్నాయి. మొదటి రాత్రి కొందరికి చేతులు జోడించిన బొమ్మ పెట్టాను, రెండో రోజు అదీ మానేశాను. ఇవాళ్టికి ఆరు రోజులు. నన్ను బాగా బాధపెడుతున్నవి రెండు. మా ఊళ్లో నాకు అయిదో తరగతి చెప్పిన మాస్టారు, ఎనభై దాటినవారు, మనవడి ఫోన్లోంచి మాటలు రికార్డు చేసి పంపారు. ఆయనకూ ఆ బొమ్మే వెళ్లింది. రెండోది, సీనియారిటీ జాబితాలో నాకు పైన ఉన్న మా సహోద్యోగిని సంగతి. అత్తగారికి ఆరోగ్యం బాగాలేక ఆవిడ కౌన్సెలింగ్‌లో నాట్ విల్లింగ్ రాసిచ్చారు. నాకు ఇలా పంపారు: "కంగ్రాట్స్ మేడమ్. నేను వద్దన్నది మీకు దక్కింది. సంతోషం." పధ్నాలుగేళ్లు ఒకే స్టాఫ్‌రూములో కూర్చున్నాం. ఎప్పుడూ పేరు పెట్టి పిలిచే మనిషి నన్ను మేడమ్ అన్నారు. ఏమి రాయాలో తోచక ఊరుకున్నాను. ఇంతమందికి మర్యాద తప్పకుండా, అబద్ధం ఆడకుండా ఎలా జవాబివ్వాలి?
— ఒక పాఠకురాలు, నెల్లూరు జిల్లా

జవాబు: ముందు మాస్టారి సంగతి చూద్దామమ్మా, అది ఇవాళ సాయంత్రమే తీరిపోయే పని. ఆయనకు మళ్లీ సందేశం రాయకండి. ఆ ఫోను ఆయనది కాదు, మనవడిది. మీరు ఎంత చక్కగా రాసినా దాన్ని ఆ అబ్బాయి చదివి, రెండు ముక్కల్లో తాతగారికి చెబుతాడు. పొద్దుగూకిన తరువాత, ఆ అబ్బాయి ఇంట్లో ఉండే వేళ చూసుకొని ఫోన్ చేసి, తాతగారికి ఇమ్మని అడగండి. చేసే ముందు ఆయన పంపిన మాటలను ఇంకొకసారి పూర్తిగా వినండి. అందులో ఆయన గుర్తు చేసుకున్నది ఏదో ఒకటి ఉండే ఉంటుంది, మీ నాన్నగారి ప్రస్తావనో, ఎక్కాల పోటీయో. మీరు మాట్లాడేటప్పుడు దాన్ని మీ అంతట మీరే ఎత్తండి, అప్పుడు ఆయన మాటలు మీరు విన్నారని ఆయనకు వేరే చెప్పనక్కర్లేదు.

ఆ వయసులో వినికిడి తగ్గుతుంది కాబట్టి మొదటి వాక్యంలో మీ పేరు, మీరు ఎవరి అమ్మాయో, ఏ ఊరో నెమ్మదిగా చెప్పి ఒక క్షణం ఆగండి. కృతజ్ఞతలు ఆ తరువాత. ఒక జాగ్రత్త కూడా చెబుతాను. "మీ మెసేజ్ ఇప్పుడే చూశాను మాస్టారూ" అనకండి. మీరు పెట్టిన బొమ్మ, దాని పక్కన తేదీ, సమయం ఆ మనవడి ఫోన్లో అలాగే ఉన్నాయి. "ఆ రోజు హడావిడిలో చేతులు జోడించి ఊరుకున్నాను, మీతో మాట్లాడాలనిపించి చేశాను" అంటే చాలు, అది నిజం కూడా. ఇక ఆయన మిమ్మల్ని అడిగేవి బడి సంగతులే. పిల్లలు ఎంతమంది, లెక్కల టీచరు ఉన్నారా, బస్సు ఎంతవరకు వస్తుంది అని అడుగుతారు. ఆ వివరాలు దగ్గర పెట్టుకొని చేస్తే ఆ సంభాషణ మీకూ బాగుంటుంది. కొత్త బడిలో చేరేలోపు వెళ్లి కాళ్లకు దండం పెట్టగలిగితే సరి, వీలుకాకపోతే దసరాకో సంక్రాంతికో వస్తానని చెప్పండి. తేదీ చెప్పి తప్పడం కంటే పండుగ పేరు చెప్పి వెళ్లడం మేలు.

ఇక మూడు వందల సందేశాలు. మీరు అలసిపోయింది అంకె చూసి కాదు, అన్నింటికీ ఒకే రకంగా జవాబివ్వాలనుకోవడం వల్ల. మామూలుగా అందరూ చుట్టరికాన్ని బట్టో హోదాను బట్టో వరస పెట్టుకుంటారు. అధికారికి ముందు, అటెండరుకు చివర అన్నమాట. నా లెక్క వేరు. వచ్చిన సందేశంలో పంపినవారు తప్ప మరొకరు రాయలేని మాట ఒక్కటైనా ఉందా అని చూడండి. ఉంటే దానికి మీ సొంత మాటతో జవాబు రావాలి. పూలగుత్తి బొమ్మ మీద బంగారు అక్షరాలతో వచ్చిన అభినందనకు ఒక చిన్న సిద్ధవాక్యం చాలు, అది పంపింది జిల్లా కార్యాలయంలో పెద్దవారైనా సరే. మీ బడిలో మధ్యాహ్న భోజనం వండే ఆమె కొడుకు చేత రాయించి, తప్పులతో పంపిన రెండు వరసలు మొదటి రకంలోకే వస్తాయి.

ఒక సాయంత్రం కాగితం, పెన్ను దగ్గర పెట్టుకొని కూర్చోండి. జవాబులు మొదలుపెట్టకుండా అన్నీ ఒకసారి చదవండి. సొంత మాట ఉన్నవాటిని చదివిన తరువాత, ఆ పేరు మీద వేలు నొక్కి ఉంచి, చదవనట్టు గుర్తు పెట్టే సదుపాయాన్ని వాడితే పక్కన పచ్చని చుక్క నిలిచి ఉంటుంది, మరునాడు వెతుక్కోనక్కర్లేదు. డెబ్బై దాటినవారివి, మీకు ఫోన్ చేసి దొరకక సందేశం పెట్టినవారివి పేర్లు కాగితం మీద రాసుకోండి, వాళ్లకు ఫోన్ చేయాలి. మీ మూడు వందల్లో ఫోన్లు పాతిక, సొంత మాట కావలసినవి డెబ్బై, మిగిలినవి ఇంచుమించు రెండు వందలు అనుకుందాం. ఫోనుకు నాలుగు నిమిషాల చొప్పున వంద నిమిషాలు, సొంత వాక్యానికి నిమిషంన్నర చొప్పున నూట అయిదు, సిద్ధవాక్యానికి పావు నిమిషం చొప్పున యాభై నిమిషాలు. మొత్తం నాలుగుంపావు గంటలు, అంటే నాలుగు సాయంత్రాలు ఒక్కో గంట, ఇంకొంచెం. ఫోన్లతో మొదలుపెట్టి, తరువాత సొంత మాటలు, చివర సిద్ధవాక్యాలు ముగించండి. ఈ వరస తిరగబడితే ఏమవుతుందో మీకే అనుభవం. తేలికైనవి ముందు ముగిద్దామని కూర్చుంటే, ఓపిక అయిపోయే వేళకు మాస్టారి వంతు వస్తుంది.

సిద్ధవాక్యం అనగానే చిన్నతనం అనుకోకండి. తంతి ఉన్న రోజుల్లో శుభాకాంక్షల వాక్యాలకు అంకెలుండేవి. తపాలా కార్యాలయంలో ఏ అంకె వాక్యమో చెబితే అవతలి ఊళ్లో అదే వాక్యం అచ్చయి చేతికి వచ్చేది. 2013 జూలైలో తంతి సేవ ఆగిపోయేదాకా అది నడిచింది. అంకె వాక్యం వచ్చిందని ఎవరూ చిన్నబుచ్చుకోలేదు, అది అంకె వాక్యమని అందరికీ తెలుసు కాబట్టి. నొప్పి ఎక్కడ కలుగుతుందంటే, సిద్ధవాక్యం సొంత మాటలా వేషం వేసుకొని వచ్చినప్పుడు. నాకు ఒంగోలులో పదోన్నతి వచ్చినప్పుడు నేను చేసిన పని అదే. "మీలాంటి ఆత్మీయులు పక్కన ఉండబట్టే ఈ మెట్టు ఎక్కగలిగాను, మీ మాట నాకు ప్రత్యేకం" అని ఒకటి తయారుచేసి అరవై మందికి అతికించాను. ఆ నెలలోనే సింగరాయకొండలో ఒక పెళ్లిలో మా ఇద్దరు మరదళ్లు ఒకే బంతిలో పక్కపక్కన కూర్చున్నారు. పప్పు వడ్డించేలోపు ఫోన్లు తీసి పక్కపక్కన పెట్టుకున్నారు. పెరుగు దాకా ఆ నవ్వు ఆగలేదు. ఇప్పటికీ ఇంట్లో ఎవరైనా నన్ను పిలవాలంటే "మీకు ప్రత్యేకం" అని పిలుస్తారు. కనుక సిద్ధవాక్యంలో ప్రత్యేకం, ఆత్మీయం, గుండె లోతు వంటి మాటలు పెట్టకండి. "అభినందనకు ధన్యవాదాలు సర్, సంతోషం" అన్నది ఎంతమంది పక్కపక్కన పెట్టుకొని చూసుకున్నా సిగ్గుపడనక్కర్లేదు.

ఈ రెండు వందలకూ బ్రాడ్‌కాస్ట్ జాబితా వాడితే ఒక్క నిమిషంలో అయిపోతుందని మీకు ఎవరైనా చెప్పి ఉంటారు. ఒక జాబితాలో 256 మంది వరకు పడతారు, నిజమే. కానీ మీ నంబరును తమ ఫోన్లో దాచుకున్నవారికి మాత్రమే ఆ సందేశం చేరుతుంది. పాత విద్యార్థులు, వాళ్ల తల్లిదండ్రులు, గ్రూపులోంచి మీ నంబరు తీసుకొని రాసినవారు చాలామంది దాచుకొని ఉండరు. వాళ్లకు ఏమీ రాదు, మీరేమో అందరికీ పంపానన్న తృప్తితో ఉంటారు. ఆ దారిలోనే వెళ్లదలచుకుంటే, పంపిన మరునాడు ఆ సందేశం మీద వేలు నొక్కి ఉంచి సమాచారం తెరవండి. ఎవరికి చేరిందో పేర్లు కనిపిస్తాయి, అందులో లేనివారికి విడిగా పంపవచ్చు. ఒకరికి రాసినదాన్ని ఫార్వార్డ్ చేయడం మాత్రం వద్దు. ఒకసారికి అయిదుగురికి మించి వెళ్లదు.

సొంత వాక్యాల్లో మాట ఎంపిక చూసుకోవాలి. మన భాషలో కృతజ్ఞత వయసును బట్టి మారుతుంది. "మీ ఆశీస్సులు" అనేది పెద్దలకు చెల్లుతుంది, మీ దగ్గర పదో తరగతి చదివిన కుర్రవాడికి అదే రాస్తే వాడు ఏమి చేయాలో తెలియక తికమకపడతాడు. "టీచర్, మీరు కొనిచ్చిన జామెట్రీ బాక్సు ఇప్పటికీ మా ఇంట్లో ఉంది" అని వాడు రాస్తే, "ఆ పెట్టె మూత సరిగ్గా పడేది కాదు, గుర్తుందా? ఇప్పుడు ఎక్కడ పనిచేస్తున్నావు?" అని రాయండి. అందులో ధన్యవాదమన్న మాటే లేకపోయినా వాడికి అందుతుంది. తోటివారికి "మీ అభిమానానికి" అనవచ్చు. పండుగ అలవాటులో "మీకు కూడా" అని వేలు జారడం ఉంది, రాత్రి పదకొండు తరువాత జవాబులు ఆపేయమని అందుకే చెబుతాను. అభినందనలకు "మీకు కూడా" అంటే పదోన్నతి రానివారి విషయంలో అది వేరే అర్థానికి వెళుతుంది. "ఆలస్యానికి క్షమించండి" అని ప్రతి సందేశంలోనూ మొదలుపెట్టనక్కర్లేదు. ఆరు రోజులు ఆలస్యమేమీ కాదు. పదిహేను రోజులు దాటితే ఒక్క ముక్క అనండి, కారణం వద్దు.

"నాదేముంది, సీనియారిటీలో వచ్చింది" అన్న జవాబు వినయంగా కనిపిస్తుంది కానీ, మెచ్చుకున్న మనిషి మాటను అది నేలకు వేస్తుంది. సీనియారిటీలో మీ తరువాత ఉండి ఇంకా ఎదురుచూస్తున్నవారు చదివినా బాగుండదు. సంతోషంగా ఉందని రాయడంలో గర్వం లేదు.

గ్రూపుల సంగతి త్వరగా తేలుతుంది. ఒక్కో గ్రూపులో ఒక్కటే సందేశం, అందరినీ కలిపి, ఎవరి పేరూ ఎత్తకుండా పెట్టండి. నలుగురి పేర్లు రాస్తే అయిదోవారికి మీరు జవాబు చెప్పుకోవాలి. గ్రూపులోనూ పెట్టి, విడిగానూ రాసినవారికి విడిగా జవాబు ఉండాల్సిందే. పేరు లేని నంబరు వస్తే వెంటనే "ఎవరండీ" అనకండి. ఆ నంబరు వివరాలు తెరిస్తే మీరిద్దరూ ఉన్న గ్రూపులు కనిపిస్తాయి, సగం మంది అక్కడే తెలిసిపోతారు. అప్పటికీ తెలియకపోతే ముందు ధన్యవాదాలు చెప్పి, "ఫోన్ మారడంతో పేర్లు పోయాయి" వంటి కథ అల్లకుండా, "మీ పేరు నా దగ్గర లేదు, చెబుతారా?" అని నేరుగా అడగండి.

మీరు ఇప్పుడు ప్రధానోపాధ్యాయురాలు కాబట్టి కొన్ని అభినందనల కడుపులో పని ఉంటుంది. గైడ్లు అమ్మేవారు, బడి పనులు చేసే కాంట్రాక్టర్లు, ఆ ఊళ్లో చుట్టాలున్నవారు. "ఒకసారి వచ్చి కలుస్తాం మేడమ్" అన్నదానికి మర్యాద కొద్దీ "తప్పకుండా రండి" అని వేలు వెళుతుంది. ఆ రెండు మాటలు చేరిన వారంలోనే మీ గదిలో కుర్చీ వేసుకొని కూర్చుంటాయి. అభినందనకు ధన్యవాదాలు చెప్పి, రెండో భాగానికి జవాబే రాయకండి. పని నిజంగా ఉన్నవారు మళ్లీ అడుగుతారు, అప్పుడు అది అధికారికంగా మీ ముందుకు వస్తుంది. స్నేహితులు "పార్టీ ఎప్పుడు?" అంటే మాత్రం వేరు. స్టాఫ్‌రూములో ఒక డబ్బా నెల్లూరు మలై కాజా పెట్టి ఆ అప్పు తీర్చేయవచ్చు.

ఇప్పుడు మీ సహోద్యోగిని. ఆ మూడు వాక్యాలను మీరు ఆరు రోజులుగా ఎన్నిసార్లు చదివారో ఊహించగలను. అందులో మేడమ్ అన్న మాట ఎకసెక్కమో, బాధో, లేక హోదా వచ్చిందని ఆవిడ నిజంగానే సర్దుకున్న పిలుపో, రాత నుంచి తేల్చలేము. గొంతు ఉంటే తెలిసేది. కనుక అర్థం తేల్చుకొని జవాబివ్వాలనుకోవడం మానేసి, ఏ అర్థమైనా నిలబడే జవాబు వెతుకుదాం.

పైపైన చూసి "థాంక్యూ అక్కా" అని రాయవచ్చు. మర్యాదకు లోపం లేదు, కానీ ఆవిడ నొచ్చుకొని ఉంటే, నొప్పి చూసి కూడా చూడనట్టు పోయారని అనుకుంటారు. బాధ తగ్గించాలని "నిజానికి ఇది మీకు రావాల్సింది అక్కా" అనవచ్చు. చాలామంది ఇదే రాస్తారు, నాకు అన్నింటికంటే ప్రమాదంగా కనిపించేదీ ఇదే. ఆవిడ ఆలోచించి, ఇంటి పరిస్థితి చూసుకొని, సంతకం పెట్టి వదులుకున్నారు. రావాల్సింది అంటే ఆ నిర్ణయం తప్పని మీరు అన్నట్టు, జాలిపడ్డట్టు కూడా. ఇక మూడో దారి, మీ పదోన్నతి ఆవిడ వద్దన్నందువల్లే రాలేదని, ఖాళీలు ఇన్ని ఉన్నాయని, జాబితాలో ఎలాగూ మీ వరకు వచ్చేదని వివరించడం. లెక్కల టీచరు కాబట్టి మీకు ఆ కోరిక కలగవచ్చు. మీ లెక్క సరైనదే అయినా రాయకండి. ఆవిడ మాటల్లో ఆవిడకు మిగిలిన గౌరవం ఆ ఒక్క వాక్యంలోనే ఉంది, వద్దన్నది తానే అన్నది. దాన్ని తీసుకోవద్దు.

నేనైతే ఆవిడ ఎందుకు వదులుకున్నారో ఆ కారణం దగ్గరికి వెళతాను. ఇలాంటిదేదైనా మీ మాటల్లో రాయండి: "అక్కా, మీ మెసేజ్ చూసిన రోజే రాయాలనుకున్నాను, ఏమి రాయాలో తోచలేదు. అత్తమ్మకు ఇప్పుడెలా ఉంది? నన్ను మేడమ్ అనకండి, మీ నోట ఆ పిలుపు నాకు బాగాలేదు. రిలీవ్ అయ్యేలోపు ఒక సాయంత్రం ఇంటికి వస్తాను." ఇందులో పదోన్నతి గురించి ఒక్క ముక్క లేదని గమనించండి. మాట్లాడకుండా ఉండిపోయిన ఆరు రోజులకు ఉన్నదున్నట్టు జవాబు ఉంది. పిలుపు సంగతి ఫిర్యాదుగా కాక, మీకు కలిగిన వెలితిగా ఉంది.

దీనికి ఆవిడ అత్తగారి గురించి నాలుగు వరసలు రాస్తే, లేదా మీ పేరుతో మొదలుపెడితే, మనసులో ఉన్నది సగం దిగిపోయినట్టే, ఆ వారంలోనే వెళ్లండి. బొటనవేలు బొమ్మ ఒక్కటే వస్తే ఇంకా నొప్పి ఉందన్నమాట. అప్పుడు వెంటబడి మళ్లీ రాయకండి, సందేశాల మీద సందేశాలు పెడితే ఆవిడ మిమ్మల్ని ఓదార్చాల్సి వస్తుంది. అయినా చెప్పినట్టు ఇంటికి మాత్రం వెళ్లండి, పళ్లు పట్టుకొని, అత్తగారిని చూడడానికి. ఆ ఇంట్లో పదోన్నతి మాట ఆవిడ ఎత్తితే మాట్లాడండి, ఎత్తకపోతే మీరూ ఎత్తకండి. స్వీటు డబ్బా ఆ రోజు తీసుకెళ్లవద్దు.

మీరు రిలీవ్ అయ్యే రోజు స్టాఫ్‌రూములో టీ, శాలువా, నాలుగు మాటలు ఎలాగూ ఉంటాయి. ఆవిడ త్యాగం వల్ల అంటూ అక్కడ నలుగురి ముందు ఎత్తకండి, ఎంత మంచి మనసుతో అన్నా అది ఆవిడ ఇంటి విషయాన్ని బయట పెట్టడమే. పధ్నాలుగేళ్లలో మీకు ఒంట్లో బాగాలేని రోజు మీ తొమ్మిదో తరగతి పీరియడ్ ఆవిడ తీసుకున్నారా, పరీక్ష పేపర్ల కట్టలు ఇద్దరూ కలిసి దిద్దారా, అటువంటి ఒక్క సంగతి పేరుతో సహా చెప్పి కూర్చోండి.